తిరిగి రాని కరెంటు

ఈ స్మారక ఉపన్యాసం ఏర్పాటు చేసినవాళ్లంతా గురువుగారి దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. వైర్‌మన్లు, సూపర్‌వైజర్లు, ఇద్దరు ముగ్గురు సొంతంగా కాంట్రాక్టులు చేసుకుంటున్నవాళ్లు. ఏం మాట్లాడమంటారని అడిగితే, "సైటు బోర్డు గురించే చెప్పండి సార్, ఆయన బతికుంటే అదే అడిగేవారు" అన్నారు. కాబట్టి ఈ సాయంత్రం ఒక్క తాత్కాలిక కరెంటు బోర్డు గురించే మాట్లాడతాను. ఇల్లో అపార్టుమెంటో కడుతున్నంతకాలం వాకిట్లో నిలబడి, గృహప్రవేశం నాటికి మాయమైపోయే బోర్డు అది.

గురువుగారిని నేను మొదటిసారి చూసింది ఒక మరణం తర్వాత. అప్పటికి నాకు డిప్లొమా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. హైదరాబాదు శివార్లలో ఒక కట్టడం దగ్గర పనిచేస్తున్నాను. రాతినేల. కాంక్రీటు మిల్లరు దగ్గర నీళ్లు పోసే కుర్రాడు, చేతిలో బకెట్టుతో, ఉత్త కాళ్లతో మిల్లరు చట్రాన్ని పట్టుకున్నాడు. మళ్లీ వదల్లేదు. మేం మెయిన్ ఆపి పరుగెత్తేసరికి ఆలస్యమైపోయింది. ఆ మిల్లరుకు ఎర్త్ లేదనుకుంటారేమో. ఉంది. గొయ్యి తవ్వించి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు పోయించింది నేనే. చట్రానికి బోల్టు బిగించి తీగ కలిపింది కూడా నేనే. బోర్డులో ఎం.సి.బి. కూడా ఉంది. అది పడలేదు.

మర్నాడు యజమాని తరఫున సైటు చూడటానికి గురువుగారు వచ్చారు. "ఎర్త్ ఉంది కదండీ, ఎందుకు పోయాడు?" అని అడిగాను. ఆయన నన్నేమీ అనలేదు. ఎర్త్ టెస్టరు తెచ్చి, రెండు మేకులు దూరంగా దిగ్గొట్టి, గొయ్యి నిరోధం కొలిచారు. 12 ఓములు. ఆ రాతినేలలో అది మరీ చెడ్డ అంకె కాదు. తర్వాత సిమెంటు బస్తా చింపి, దాని లోపలి కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్కే ఇవాళ మీకూ చెబుతాను. మిగతా మాటలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మన వీధిలో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి దింపి ఉంటారు. మన సైటులో యంత్రాల చట్రాలను మన గొయ్యిలోకి దింపుతాం. ఈ రెండింటి మధ్య చాలాచోట్ల తీగ ఉండదు, నేలే ఉంటుంది. మిల్లరు మోటారులో ఫేజు తీగ ఒరుసుకుపోయి చట్రానికి తగిలిందనుకోండి. కరెంటు చట్రం నుంచి ఎర్త్ తీగలోకి, గొయ్యిలోకి దిగి, నేల గుండా నడిచి ట్రాన్స్‌ఫార్మరు గొయ్యి ద్వారా పైకెక్కాలి. మన గొయ్యి 12 ఓములు, అవతలి గొయ్యి, తీగలు కలిపి ఒక 3 ఓములు అనుకుందాం. మొత్తం 15. 230 వోల్టులను 15 ఓములతో భాగిస్తే వచ్చేది 15 ఆంపియర్లకు కాస్త ఎక్కువ. మోటారు తీసుకునే ఏడెనిమిది ఆంపియర్లు దానికి కలిపినా మొత్తం 24 దాటదు. ఆ లైను మీద ఉన్నది 32 ఆంపియర్ల ఎం.సి.బి. దాని దృష్టిలో అక్కడేమీ జరగలేదు. రోజంతా అలాగే ఉన్నా పడదు. అంతసేపూ ఆ 15 ఆంపియర్లు మన 12 ఓముల గొయ్యి గుండా పోతుంటే చట్రం మీద నిలిచే వోల్టేజి 12 ఇంటు 15.3, అంటే 184. ఎర్త్ చేసిన మిల్లరు మీద 184 వోల్టులు.

తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే, అతని గుండా పోయేది దాదాపు 180 మిల్లీ ఆంపియర్లు. ఎం.సి.బి. పడాలంటే ఆంపియర్లు కావాలి. మనిషి పోవడానికి ఆంపియరులో పదో వంతు, క్షణం సేపు చాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే ఆ కుర్రాడు పోయాడు. ఎం.సి.బి. ఉన్నది తీగను కాపాడటానికి. మనిషిని కాపాడమని దాన్నెవరూ అడగలేదు, అది అందుకు తయారైనదీ కాదు.

మరి ఆ ఖాళీని చూడగలిగేది ఏది? మన వైర్‌మన్లు ఇప్పటికీ ఈఎల్‌సీబీ అని పిలిచేది. పెట్టె మీద ఆర్.సి.సి.బి. అని ఉంటుంది. అది కరెంటు ఎక్కువైందా అని చూడదు, లెక్క సరిపోయిందా అని చూస్తుంది. లోపల ఒక ఇనుప కడియం ఉంటుంది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ ఆ కడియం గుండా వెళతాయి. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తే రెండింటి ప్రభావం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, కడియానికి ఏమీ తెలియదు. వెళ్లినదాంట్లో కొంచెం తిరిగి రాలేదంటే, అది చట్రం గుండానో, తడి గోడ గుండానో, మనిషి గుండానో నేలలోకి పోయిందన్నమాట. ఆ తేడా కడియంలో కదలిక పుట్టిస్తుంది. కడియానికి చుట్టిన సన్నని తీగలో కరెంటు పుట్టి గడియను విడిపిస్తుంది. మూడు ఫేజులదైతే నాలుగు తీగలూ కడియం గుండా వెళతాయి. లెక్క మాత్రం అదే.

30 మిల్లీ ఆంపియర్లు అనే అంకె ఎక్కడిది అని గురువుగారిని ఒకసారి అడిగాను. ఆయన చెప్పింది ఇదీ. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల మీద కొలిచి చూశాడు. కరెంటు పట్టుకున్న చేతిని మనిషి తనంతట తాను ఎంతవరకు వదిలించుకోగలడన్నది ఆయన ప్రశ్న. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆ శక్తి పోయింది, ఆడవాళ్లకు పదిన్నర దగ్గర. అమెరికాలో వాడే పరికరం అందుకే 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పడుతుంది. యూరప్, వాళ్ల బాటలో మనం, వేరే దారి పట్టాం. చెయ్యి పట్టుకుపోయినా, గుండె లయ తప్పేలోపు కరెంటు ఆగిపోవాలి అనుకున్నాం. అందుకే ఇక్కడ అంకె ఎంత ముఖ్యమో సమయమూ అంతే ముఖ్యం. 30 దగ్గర 300 మిల్లీ సెకన్ల లోపు పడాలి. దానికి అయిదింతలు, అంటే 150 దగ్గర 40 మిల్లీ సెకన్ల లోపే పడాలి. షాకు తగులుతుంది. మనిషి కెవ్వుమంటాడు, నిచ్చెన మీద ఉంటే పడిపోవచ్చు కూడా. గుండె మాత్రం ఆగదు. ఒకటి మరిచిపోకండి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని ఇది కాపాడలేదు. వెళ్లిందంతా తిరిగొస్తోంది కదా, దాని లెక్క సరిగ్గానే ఉంటుంది.

ఇది ఉంటే ఎర్త్ అక్కర్లేదా అని అడిగేవాళ్లున్నారు. కావాలి. ఎర్త్ తీగ చట్రానికి బాగా కలిసి ఉంటే, మోటారులో ఫేజు తగిలిన ఆ క్షణంలోనే కరెంటు నేలలోకి పోతుంది, ఆర్.సి.సి.బి. పడుతుంది. అక్కడ మనిషి లేకపోయినా పడుతుంది. ఎర్త్ తీగ తెగి ఉంటే చట్రం మీద వోల్టేజి నిలిచి ఎదురుచూస్తూ ఉంటుంది. ఎవరో వచ్చి తాకాకే పడుతుంది. మొదటి పద్ధతిలో పాడైన యంత్రమే తన సంగతి చెబుతుంది. రెండోదాంట్లో ఆ సంగతి చెప్పడానికి ఒక మనిషి ఒళ్లు కావాలి. ఎర్త్ గొయ్యి మీద ఇప్పుడు మనకు ఎంత వెసులుబాటు వచ్చిందో కూడా చూడండి. చట్రం మీద 50 వోల్టులు మించకూడదు అనుకుంటే, 30 మిల్లీ ఆంపియర్లకు పడే పరికరానికి 1,600 ఓముల గొయ్యి కూడా లెక్క ప్రకారం సరిపోతుంది. అంత చెడ్డ గొయ్యి పెట్టమని చెప్పడం లేదు. రాతినేలలో 12 ఓములు వచ్చిందని ఏడవనక్కర్లేదని చెబుతున్నాను. రెండు గోతులు వేయండి, ఎండాకాలంలో నీళ్లు పోయండి, ఏప్రిల్‌లో మళ్లీ కొలవండి.

ఇక బోర్డు సంగతి. ఆ తర్వాత గురువుగారి కింద నేను కట్టిన మొదటి బోర్డు ఒక అయిదంతస్తుల కట్టడానికి. దాన్నే చెబుతాను. 15 కిలోవాట్ల మూడు ఫేజుల తాత్కాలిక కనెక్షను. అన్నీ ఒకేసారి తిరిగినా ఫేజుకు 27 ఆంపియర్లు దాటవు. అందుకని మీటరు తర్వాత 40 ఆంపియర్ల నాలుగు పోళ్ల ఎం.సి.బి. పెట్టాం. దాని వెనుక 63 ఆంపియర్ల, 100 మిల్లీ ఆంపియర్లకు పడే నాలుగు పోళ్ల ఆర్.సి.సి.బి. ఇది "ఎస్" అని గుర్తు ఉన్న రకం, అంటే కొద్దిగా ఆగి పడుతుంది. ఎందుకు ఆగాలో ఇప్పుడు చెబుతాను. దాని తర్వాత ఒక్కో దారికి విడిగా ఒక ఎం.సి.బి., ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. మిల్లరుకు ఒకటి, చువ్వలు కోసే మిషనుకు ఒకటి, క్యూరింగు నీళ్ల మోటారుకు ఒకటి, చేతి పనిముట్ల సాకెట్లకు ఒకటి, దీపాలకు ఒకటి. ఆరోది పై అంతస్తులకు వెళ్లే లైను. దాని మీద మాత్రం ఇక్కడ 30ది పెట్టలేదు, ఆ పరికరం పైన అంతస్తు బోర్డులోనే ఉంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి మొత్తానికీ కలిపి ఒకటే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టేస్తే సరిపోదా అని కాంట్రాక్టరు అడిగాడు. చాలా సైట్లలో జరిగేది ఇదే, చాలా సైట్లు చెడేది కూడా ఇక్కడే. ప్రతి యంత్రం, ప్రతి పొడవైన కేబులు ఏ లోపమూ లేకుండానే కొంచెం కరెంటును నేలలోకి వదులుతుంది. ఒక్కోటి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. పది కలిస్తే పది నుంచి ఇరవై. 30ది అని రాసి ఉన్న పరికరం 15 దాటిన తర్వాత ఎప్పుడైనా పడవచ్చు, అది దాని హక్కు. తడి రోజున అది పొద్దున్నే పడుతుంది. నీళ్ల మోటారు వల్ల పడితే మిల్లరు ఆగుతుంది, మెట్ల మీద దీపం ఆరుతుంది, కాంక్రీటు మధ్యలో నిలిచిపోతుంది. మూడోసారి పడ్డాక ఎవరో ఒకరు పైనుంచి కిందికి ఒక ముక్క తీగ కలిపి దాన్ని పక్కకు నెట్టేస్తారు. ఆ తీగ కలిపినవాణ్ని నేను తిట్టలేను. అలా కలపక తప్పని బోర్డు కట్టినవాడిదే తప్పు. దారులు విడదీస్తే పాడైన యంత్రం ఒక్కటే ఆగుతుంది, మిగతా పని సాగుతుంది. ఆర్.సి.సి.బి.ని బైపాస్ చేయాల్సిన అవసరమే రాదు. పైన ఉన్న 100ది ఆగి పడే రకం కావడం కూడా ఇందుకే. కింద 30ది పడేంతవరకు అది ఓపిక పడుతుంది. రెండూ ఒకేలా పరుగెత్తేవైతే ఏది ముందు పడుతుందో చెప్పలేం.

పరికరం కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, దాని మీద "ఏసీ" రకం అని కాక "ఏ" రకం గుర్తు ఉండాలి. ఇప్పటి డ్రిల్లులు, ఎల్‌ఈడీ దీపాలు, వెల్డింగు మిషన్లలో ఎలక్ట్రానిక్సు ఉంటుంది. వాటిలో లీకయ్యే కరెంటు మామూలు అల కాకుండా ఒకవైపే కొట్టుకుంటూ పోతుంది. పాత రకానికి అది కనబడకపోవచ్చు. రెండోది, కొన్ని చవక రకాలు పడటానికి సరఫరా కరెంటు మీదే ఆధారపడతాయి. స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైపోతే ఫేజు మాత్రం బతికే ఉంటుంది, అవి మాత్రం చచ్చిపోతాయి. మన సైట్ల సరఫరాలో న్యూట్రల్ తెగడం ఎంత మామూలో మీకు తెలుసు. లీకేజి కరెంటు బలంతోనే పడే రకం అడిగి తీసుకోండి.

బోర్డు లోపల అందరూ తడబడేది న్యూట్రల్ దగ్గరే. ఒక్కో ఆర్.సి.సి.బి. వెనుక దానికి సొంతంగా ఒక న్యూట్రల్ లింకు ఉండాలి. పాత అలవాటుకొద్దీ అన్ని న్యూట్రల్‌లనూ ఒకే ఇత్తడి పట్టీకి బిగించేస్తే, సాకెట్ల ఫేజు ఒక కడియం గుండా వెళ్లి న్యూట్రల్ ఇంకో కడియం గుండా తిరిగొస్తుంది. రెండూ లెక్క తప్పిందని పడతాయి. "కొత్త ఈఎల్‌సీబీ పనిచేయడం లేదండీ, లోడు వేస్తే పడిపోతోంది" అని ఫోను వస్తే నేను మొదట అడిగేది ఈ పట్టీ గురించే. పది ఫోన్లలో ఏడెనిమిదింటికి జవాబు అక్కడే దొరికింది. ఇంకో సంగతి. ఆర్.సి.సి.బి. దాటాక న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ఎక్కడా కలపకూడదు. ఎర్త్ పిన్నుకు తీగ లేదని సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి ముక్క కలిపేవాళ్లను చూశాను. ఆ న్యూట్రల్ ఒక్కటి తెగితే చాలు, పనిముట్టు ఒళ్లంతా ఫేజు అవుతుంది.

పెట్టె సంగతి త్వరగా చెబుతాను. గేటు పక్కన, లారీ దారికి తప్పుకుని, నీళ్లు నిలవని మెరక మీద, ఇనుప స్టాండు మీద, ఛాతీ ఎత్తున. పైన రేకు. కేబుళ్లు అడుగు నుంచే లోపలికి రావాలి, లోపలికి వచ్చేముందు ఒకసారి కిందికి వేలాడి రావాలి, అప్పుడు వాననీరు తీగ వెంట లోపలికి పాకకుండా అక్కడే కారిపోతుంది. లోపలి తలుపుకు తాళం, మెయిన్ ఆపే పిడి మాత్రం తాళం బయటే. సాకెట్లు మూత ఉన్న గుండ్రటి పిన్నుల ఇండస్ట్రియల్ రకం. సింగిల్ ఫేజుకు నీలం, మూడు ఫేజులకు ఎరుపు. ఒకదాని ప్లగ్గు ఇంకోదాంట్లో దూరదు. తీగ కొసలు ఒలిచి సాకెట్టు బొక్కల్లో పెట్టి అగ్గిపుల్లలు దోపే పని దీంతో ఆగిపోతుంది. పల్చటి చెక్క మీద ఇళ్లలో వాడే సాకెట్లు బిగించినంతకాలం ఆ అగ్గిపుల్లలను ఏ హెచ్చరిక బోర్డూ ఆపలేదు.

కరెంటు పోతే జనరేటరు పెడతారు. అది న్యూట్రల్‌ను ఎక్కడా భూమికి కలపకుండా వచ్చే చిన్న జనరేటరైతే, చట్రానికి ఫేజు తగిలినా కరెంటు తిరిగి రావడానికి దారి ఉండదు. ఆర్.సి.సి.బి.కి చూడటానికి ఏమీ ఉండదు. రెండో లోపం జరిగినప్పుడు మాత్రం ప్రాణం మీదకు వస్తుంది. అందుకే బోర్డుకు కలిపే జనరేటరు న్యూట్రల్‌ను దాని దగ్గరే ఎర్త్ గొయ్యికి కలపాలి. న్యూట్రల్‌ను కూడా మార్చే నాలుగు పోళ్ల ఛేంజోవరుతో, అన్ని ఆర్.సి.సి.బి.లకూ ముందే బోర్డులోకి తేవాలి.

బోర్డు ఎంత బాగా కట్టినా కేబులు దారి చెడితే అది రోజూ పడుతూనే ఉంటుంది. కేబులుకు శత్రువులు నాలుగు. చక్రం, నీరు, చువ్వ కొస, బైండింగు వైరు. దారి గీసేముందు గురువుగారు సైటంతా ఒకసారి నడిచేవారు. ఇసుక లారీ ఎక్కడ తిరుగుతుంది, నీళ్లు ఎటు పారుతాయి, చువ్వలు ఎక్కడ కోస్తారు, ఆడవాళ్లు ఇటుకలు మోసే బాట ఏది అని చూసి, ఆ నాలుగింటినీ తప్పించి సుద్దతో గీత గీసేవారు.

మా అయిదంతస్తుల సైటులో ప్రహరీ గోడ వెంబడి సరుగుడు కర్రలు పాతి, వాటి మధ్య జీ.ఐ. తీగ బిగించి, దానికి ప్లాస్టిక్ క్లిప్పులతో కేబుళ్లను వేలాడదీశాం. బరువంతా ఆ తీగ మోస్తుంది, కేబులు మీద లాగుడు ఉండదు. పరంజా పైపులకు కేబులు కట్టనివ్వలేదు. సెంట్రింగు పనివాళ్ల చేతిలో ఎప్పుడూ బైండింగు వైరు ఉంటుంది. దాంతో బిగించి మెలిపెడితే నెల తిరిగేసరికి అది తొడుగును కోసి లోపలికి దిగుతుంది. అప్పుడు పరంజా మొత్తానికి కరెంటు వస్తుంది.

లారీ దారి ఒకచోట తప్పలేదు. పైనుంచి తీసుకెళదామా, కిందనుంచా అన్న చర్చ వచ్చింది. రోడ్డు దాటే ఓవర్‌హెడ్ లైనుకు అడిగే ఎత్తు 5.8 మీటర్లు. కానీ టిప్పరు తొట్టి పైకి లేస్తే, కాంక్రీటు పంపు చెయ్యి చాస్తే ఆ ఎత్తు ఎందుకూ చాలదు. అందుకని ఆర్మర్డ్ కేబులు తెచ్చి, ముప్పావు మీటరు లోతు కాలవలో ఇసుక పరచి వేసి, పైన మళ్లీ ఇసుక, ఇటుకల వరస, దానిమీద హెచ్చరిక టేపు వేసి పూడ్చాం. రెండు కొసల్లోనూ ఎర్రరంగు వేసిన రాళ్లు పాతాం. అయిదో నెలలో డ్రైనేజీ కోసం జేసీబీ వచ్చినప్పుడు, దాని బకెట్టు ముందు టేపును పైకి లాగింది. డ్రైవరు ఆగాడు.

పై అంతస్తులకు పొడవాటి ఎక్స్‌టెన్షన్లు వేలాడదీయడం మన దగ్గర పెద్ద జబ్బు. ఆర్మర్డ్ కేబులు ఒకటి లిఫ్టు గుంత గోడ వెంట పైకి తీసుకెళ్లి, రెండేసి అంతస్తులకు ఒక చిన్న బోర్డు, అందులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., నాలుగు సాకెట్లు పెట్టాం. దాంతో ఏ పనిముట్టు తీగా పాతిక మీటర్లు దాటలేదు. పైన పడితే పైనున్నవాడే తిరిగి వేసుకుంటాడు, ఎందుకు పడిందో అక్కడే చూస్తాడు. చుట్ట మీదున్న ఎక్స్‌టెన్షను వాడితే మొత్తం విప్పి పరచాలి. చుట్టి ఉంచి పెద్ద లోడు వేస్తే లోపలి చుట్లు వేడెక్కి కరిగిపోతాయి.

స్లాబు రోజు సంగతి విడిగా చెప్పాలి. వైబ్రేటరు మోటారు చువ్వల జాలి మీద కూర్చుంటుంది, కేబులు తడి కాంక్రీటులో ఈడుస్తుంటారు, పదిహేను ఇరవై మంది అదే జాలి మీద నిలబడి ఉంటారు. తొడుగు ఒక్కచోట చిరిగినా జాలి మొత్తం ఫేజు అవుతుంది. మేం చెక్కతో మూడు కాళ్ల స్టాండ్లు చేయించి, వాటి మీంచి కేబులు పోనిచ్చాం. వైబ్రేటరుకు రబ్బరు తొడుగు కేబులు తప్ప ఇంకేదీ వాడలేదు. అతుకు అన్నది ఎక్కడా లేదు. పొడవు చాలకపోతే మూత బిగిసే ఇండస్ట్రియల్ కప్లర్లే. జాలిని కూడా ఎర్త్ పట్టీకి కలిపాం.

మూడో స్లాబు నాడు వాన వెలిసిన పొద్దున అక్కడే ఆర్.సి.సి.బి. పడింది. కాంక్రీటు సగంలో ఉంది. మేస్త్రి పైనుంచి "అన్నా, డైరెక్టు ఇచ్చెయ్, రెండు గంటల పనే" అని కేకేశాడు. గురువుగారు ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు. ఆ సర్క్యూటులో ఉన్న ప్లగ్గులన్నీ పీకమన్నారు. పీకాక ఆర్.సి.సి.బి. నిలిచింది. అంటే బోర్డు, గోడ లైను బాగున్నాయి, లోపం ప్లగ్గుల అవతల ఉంది. ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చారు. గ్రైండరు పెట్టారు, నిలిచింది. దీపం పెట్టారు, నిలిచింది. వైబ్రేటరు ప్లగ్గు గుచ్చగానే, స్విచ్చి వేయకముందే పడింది. స్విచ్చి వేశాక పడితే మోటారు చుట్టను అనుమానించాలి. గుచ్చగానే పడిందంటే కేబులునే. చేత్తో తడుముతూ వచ్చి, ప్లగ్గు నుంచి మూడు మీటర్ల దగ్గర చువ్వ కొస దిగిన గాటు చూపించారు. మారు కేబులు ముందు రోజు సాయంత్రమే తెచ్చిపెట్టి ఉంచారు. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది.

పడటంలో ఉన్న తీరును బట్టే చాలా తెలుస్తుంది. రాత్రి వాన పడి పొద్దున్నే పడితే తేమ. ప్లగ్గులన్నీ పీకి, ఎం.సి.బి. కూడా దింపినా పడుతూనే ఉంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌ను తాకుతోంది. ఒక్క పోలు ఎం.సి.బి. న్యూట్రల్‌ను తెంచదు కదా, అందుకే అది దింపినా ఫలితం ఉండదు. అప్పుడు సరఫరా ఆపి, లింకు నుంచి న్యూట్రల్‌లను ఒక్కొక్కటే విప్పి మెగ్గరు పట్టాలి. అసలు ఎప్పుడూ పడని ఆర్.సి.సి.బి.ని ఇంకా ఎక్కువ అనుమానించండి. టెస్టు బటను నొక్కండి. నొక్కినా పడకపోతే దాని గడియ పట్టేసిందో, ఎవరో పక్క నుంచి తీగ వేశారో. బటను నొక్కితే పడిందని ఎర్త్ బాగుందని మాత్రం అనుకోవద్దు. ఆ బటను ఫేజును ఒక నిరోధం గుండా, కడియాన్ని తప్పించి, లోపలి న్యూట్రల్‌కే కలుపుతుంది, ఎర్త్ తీగ తెగి ఉన్నా హాయిగా పడుతుంది. ఎర్త్ ఉందో లేదో తెలియాలంటే సాకెట్టు పిన్ను నుంచి బోర్డు పట్టీ దాకా విడిగా కొలవాల్సిందే.

బోర్డు మొదటిసారి వేసేముందు ఆయన చేయించేవి నాలుగు కొలతలు. ఎర్త్ పిన్ను నుంచి పట్టీ దాకా నిరోధం ఒక ఓము లోపు ఉండాలి. పనిముట్లన్నీ తీసేసి 500 వోల్టుల మెగ్గరుతో ప్రతి దారీ చూస్తే కనీసం ఒక మెగా ఓము ఉండాలి, కొత్త కేబులైతే వందల్లో ఉంటుంది. గొయ్యి నిరోధం మూడోది. చివరగా టెస్టరుతో 15 మిల్లీ ఆంపియర్లు పంపితే ఆర్.సి.సి.బి. నిలవాలి, 30కి పడాలి, 150కి 40 మిల్లీ సెకన్లలో పడాలి. ఈ అంకెలన్నీ బోర్డు తలుపు లోపలివైపు అతికించిన కాగితం మీద రాయించేవారు. ప్రతి సోమవారం పొద్దున పని మొదలయ్యేముందు అన్ని బటన్లూ నొక్కి, దాని కిందే తేదీ వేసి సంతకం చేయాలి. వైబ్రేటరు కేబులును మాత్రం స్లాబు ముందు రోజు ప్రత్యేకంగా చూడాలి.

ఆ కట్టడం పూర్తయి, శాశ్వత మీటరు వచ్చాక, మా బోర్డు దింపిన రోజు నాకు బాగా గుర్తు. సరఫరా ఆపి, లేదని టెస్టరుతో రూఢి చేసుకుని, కేబుళ్లన్నీ దించి నేల మీద వరసగా పరిచాం. తుడిచి, ఒక్కొక్కదానికీ మెగ్గరు పట్టి, బాగున్నవాటికి చీటీ కట్టి చుట్టాం. రెండు కేబుళ్లు మెగా ఓము లోపు చూపించాయి. వాటి బాగున్న భాగం కోసుకుని ఇంట్లో వాడుకుంటానని ఒక హెల్పరు అడిగాడు. గురువుగారు కుదరదన్నారు. కత్తెర తెచ్చి, ఆ రెండింటినీ మూర పొడవు ముక్కలుగా తానే కూర్చుని కోసి, రాగి ఒలిచి పాత సామాన్ల గోతంలో వేయించారు.